రెండో వందమంది

మా ఆసుపత్రిలో లిఫ్టు పక్కన ఒక చిన్న గది ఉంది. తలుపు మీద ‘సలహా గది’ అని రాసి ఉంటుంది గానీ ఎవరూ అలా పిలవరు. సంతకాల గది అంటారు. గుండె ఆపరేషన్‌కి ముందు రోగినీ ఇంట్లోవాళ్ళనీ కూర్చోబెట్టి, ఏం చేయబోతున్నారో, జరగకూడనిది జరిగితే ఏమిటో చెప్పి, కాగితం మీద సంతకం పెట్టించుకునే చోటు అది. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, కళ్ళు తుడుచుకోవడానికి ఒక కాగితాల డబ్బా. పన్నెండేళ్ళుగా ఆ బల్ల వెనక కూర్చుంటున్న మనిషి గురించే ఇదంతా.

నేను ఆ గదికి సరిగ్గా రెండంతస్తుల కింద, రికార్డు రూమ్‌లో గుమస్తాను. ఫైళ్ళు కట్టడం, వెతకడం, దుమ్ము పీల్చడం నా ఉద్యోగం. ఆ బల్ల వెనక కూర్చునే ఆమె నన్ను బాబాయ్ అంటుంది. మా మధ్య చుట్టరికమేమీ లేదు. ఫైలు తొందరగా కావాలంటే అలా పిలవమని ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరో చెప్పారట. ఆ ఎవరో నా గురించి బాగా తెలిసినవాడే అయి ఉండాలి. ఆసుపత్రిలో మిగతావాళ్ళంతా ఆమెను బొమ్మలక్క అంటారు. ఆమె గీసిన బొమ్మ ఒక మనిషి ప్రాణం తీసిందా లేదా అన్నది నేను చెప్పదలుచుకున్న సంగతి. నా దగ్గర జవాబు ఉందని కాదు. అందులో నా చేయి కూడా ఉంది కాబట్టి చెప్తున్నాను.

ఆమె మొదట వార్డు నర్సు. బరువైన రోగిని మంచం మీంచి స్ట్రెచర్ మీదకి ఎత్తుతుంటే ఒకరోజు నడుం పట్టేసింది. మళ్ళీ పూర్తిగా వదల్లేదు. ఎత్తే పని ఇక కుదరదు కాబట్టి కూర్చునే పని ఇచ్చారు. నిజానికి అక్కడ ఎత్తాల్సిన బరువు తక్కువేం కాదు. ముక్కుసూటి మనిషి. ‘ఏం కాదులెండి, అంతా ఆ దేవుడే చూసుకుంటాడు’ లాంటి మాటలు ఆమె నోట రావు. అందుకే కొందరికి ఆమె అంటే గిట్టదు. నాకు మాత్రం ఆమె వస్తుంటే మెట్ల మీద చెప్పుల చప్పుడుకే లేచి టీ ఫ్లాస్కు తీయడం అలవాటు.

అప్పట్లో ఆ గదిలో వాడిన కరపత్రం పైఆఫీసువాళ్ళు అచ్చు వేయించింది. గుండె వాల్వు మార్చే ఆపరేషన్ గురించి. అందులో ఒక పై చార్టు ఉండేది. గుండ్రటి బొమ్మ. తొంభైమూడు శాతం పచ్చ రంగు, ఏడు శాతం ఎర్ర రంగు. ఎర్రది చనిపోయినవాళ్ళ వాటా. అది ఎంత సన్నటి ముక్కంటే, ఎవరో చాకు పెట్టి గుండ్రం అంచు కాస్త సరిచేసినట్టు ఉండేది. అచ్చు కాగితాలు అయిపోయాక జిరాక్సు తీసేవాళ్ళం. జిరాక్సులో పచ్చా ఎరుపూ ఒకే బూడిదరంగులోకి దిగేవి. అప్పుడిక అక్కడ గుండ్రం తప్ప ఏమీ మిగలదు. దాని కిందే సంతకాలు పెట్టేవారు.

ఒకరోజు ఒకాయన ఆ జిరాక్సు కాగితం పట్టుకుని సంతకాల గదికి తిరిగొచ్చాడు. ఆపరేషన్ బల్ల మీదే పోయిన ఒక ఆవిడకి తమ్ముడు. అరవలేదు, ఏడవలేదు. కాగితం బల్ల మీద పెట్టి అన్నాడట: “మీరు చెప్పలేదని అనను సిస్టర్. చెప్పారు, చూపించారు. నేనూ చూశాను. కానీ ఈ ముక్కలో మనుషులున్నారని నాకు తట్టలేదు.”

ఆ మాట ఆమెను పట్టుకుంది. మర్నాడు నా దగ్గరికొచ్చి లెక్క అడిగింది. మూడేళ్ళలో మా దగ్గర ఈ ఆపరేషన్ ఎంతమందికి జరిగింది, అందులో నెల తిరక్కుండా ఎంతమంది పోయారు. రెండు రోజులు కూర్చుని తీశాను. రెండువందల పద్నాలుగు మంది. పదిహేనుమంది పోయారు. అంటే వందకి ఏడుగురు. పైఆఫీసువాళ్ళ లెక్క తప్పేం కాదన్నమాట. తప్పు బొమ్మలో ఉంది.

ఆమె పై చార్టు పక్కన పెట్టేసి వంద చిన్న మనుషుల్ని గీసింది. తలకి ఒక సున్నా, భుజాలకి కింద ఒక అరసున్నా. వరుసకి పదిమంది, పది వరుసలు. ఆడో మగో తెలియకూడదు, ఒకరికంటే ఒకరు పెద్దగా ఉండకూడదు, ముఖం మీద నవ్వూ ఏడుపూ ఉండకూడదు అని పట్టుబట్టింది. రంగుల జోలికి పోలేదు. బతికినవాళ్ళు ఖాళీగా, గీత మాత్రమే. పోయినవాళ్ళు నల్లగా నిండుగా. ఇక జిరాక్సు మిషను ఎన్నిసార్లు తిన్నా ఆ తేడా పోదు.

మొదటిసారి ఆ ఏడుగురినీ వందమందిలో అక్కడొకరు ఇక్కడొకరుగా చల్లింది. చావు ఎవరికి రాసిపెట్టి ఉందో తెలియదు కదా, అలాగే చూపించాలని. కాగితం మా అందరి మీదా పరీక్షించింది. లిఫ్టు నడిపే ఆయన ఆరుగురన్నాడు. క్యాంటీన్ ఆవిడ ఎనిమిదంది. నేను కళ్ళజోడు తుడుచుకుని మూడుసార్లు లెక్కపెట్టి ఏడు అన్నాను, అదీ నాకు ముందే తెలుసు కాబట్టి. దాంతో ఏడుగురినీ చివరి వరుసలో ఒకే చోట చేర్చింది. చూడగానే లెక్క తెలిసేది. కానీ దాంతో ఇంకో చిక్కు వచ్చింది. జనం పై వరుసలో ఎవరో ఒకరి మీద వేలుపెట్టి ‘నేను ఇక్కడున్నాననుకోండి’ అనేవారు, నల్లవాళ్ళకి వీలైనంత దూరంగా. అందుకని ప్రతివాళ్ళకీ చెప్పేది: “వరుసకి అర్థం లేదండి. లెక్క కోసం ఒకచోట పెట్టాను. ఈ వందమందిలో మీరెవరో నాకూ తెలీదు, డాక్టరుగారికీ తెలీదు.”

పై చార్టుని జనం చూసీ చూడనట్టు చూసేవారు. ఈ కాగితాన్ని అలా చూడలేకపోయారు. వేలితో ఒక్కొక్క బొమ్మనీ ముట్టుకుంటూ లెక్కపెట్టేవారు. ‘వీళ్ళకేమైందమ్మా?’ అని అడిగేవారు. ముక్కకి ఏమైందని ఎవరూ ఎప్పుడూ అడిగిన పాపాన పోలేదు. ఆమె పొంగిపోయింది. ఉన్నమాట చెప్పాలి, నేనూ పొంగిపోయాను. ఆ ఏడుగురినీ ఫైళ్ళలోంచి వెతికి పట్టుకుంది నేనే కదా.

పెద్ద డాక్టరు ఒక్కడే ముఖం చిట్లించాడు. వాల్వు ఆపరేషన్లన్నీ ఆయనవే. ఒకరోజు రౌండ్స్ మధ్యలో ఆమె గుమ్మంలో నిలబడి, “మీ బొమ్మలొచ్చాక ఆపరేషన్ వద్దనేవాళ్ళు పెరిగారమ్మా, గమనించారా?” అన్నాడు.

“నిజం చూసి వద్దంటే అది వాళ్ళ హక్కు సార్” అంది ఆమె.

ఆ జవాబు మధ్యాహ్నానికల్లా ఆసుపత్రంతా పాకింది. నర్సులు చాటుగా చేతులు కలుపుకున్నారు. నేను కూడా నా కింది గదిలో ఒక్కడినే కూర్చుని భలే చెప్పింది అనుకున్నాను. ఆయన అడిగినదాంట్లో ఏముందో ఒక్క క్షణం ఆలోచించినవాడు మాలో ఒక్కడూ లేడు.

ఆ తర్వాత కొద్ది రోజులకే బస్సు డ్రైవరు వచ్చాడు.

యాభై నాలుగేళ్ళ మనిషి. మెట్లెక్కుతూ రెండుసార్లు స్పృహ తప్పాడు. స్టీరింగు ముందు తప్పలేదు, అది అందరి అదృష్టం. డిపోవాళ్ళు బండి దింపేసి ఆసుపత్రికి పంపారు. గుండెలోంచి రక్తం బయటికెళ్ళే దారిలో వాల్వు బాగా ముడుచుకుపోయిందని తేలింది. ఆ రోజు ఆయన స్కానింగు రిపోర్టు ఫైల్లోంచి జారి ఎక్కడో చిక్కుకుంది. వెతికి నేనే పైకి తీసుకెళ్ళాను. అప్పటికే ఆమె కాగితం తీసి బల్ల మీద పరిచింది. ఆయనా, పక్కన భార్యా. నేను తలుపు దగ్గర నిలబడిపోయాను.

“మీలాంటి జబ్బుతో ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు వందమంది అనుకోండి అన్నా. ఈ ఖాళీ బొమ్మలు నెల దాటి బతికినవాళ్ళు. నల్లవి నెలలోపల పోయినవాళ్ళు.”

ఆయన వంగి, చూపుడువేలు పెట్టి, ఒక్కొక్కరి దగ్గరా ఆగుతూ లెక్కపెట్టాడు. ఏడో బొమ్మ మీద వేలు అలాగే ఉంచాడు.

“నా బండిలో సీట్లు యాభై. అంటే ఇది రెండు బండ్ల జనం. అంతే కదా చెల్లెమ్మా?”

“అలా అనుకోవచ్చు.”

“రెండు బండ్లు నింపుకుని బయల్దేరాను. ఏడుగురు దిగరని నాకు ముందే తెలుసు. తెలిసి డిపోలోంచి బండి తీస్తానా?” తలెత్తి ఆమె కళ్ళలోకి చూశాడు. “ఇరవై ఏడేళ్ళ సర్వీసు నాది. నా బండెక్కిన మనిషి దిగకుండా పోలేదు. ఒక్కడు కూడా.”

ఆమె ఆ మాటకి సిద్ధంగా లేదు. చాలామంది ‘భయంగా ఉందమ్మా’ అంటారు. భయాన్ని ఎలా ఓదార్చాలో ఆమెకి తెలుసు. ఈయనది భయం కాదు, వృత్తి. ఎక్కినవాళ్ళందర్నీ దించడమే ఆయన బతుకంతా నేర్చుకున్నది.

“చేయించుకోకపోయినా ప్రమాదమే అన్నా. వాల్వు ఇలాగే వదిలేస్తే ఇంకా ఎక్కువ ప్రమాదం.”

“డాక్టరుగారూ అదే మాటన్నారు. సరే. దాని బొమ్మేది?”

ఆమె నా వైపు చూసింది. నేను నా చేతిలో ఉన్న రిపోర్టు వైపు చూసుకున్నాను.

“దానికి బొమ్మ లేదన్నా” అంది.

“ఏమండీ, అంత చదువుకున్నవాళ్ళు ఊరికే చెప్తారా?” అంది భార్య.

“నువ్వుండు. కాగితం మీద ఉన్నది కనపడుతోంది. లేనిదాని సంగతి ఏం చెప్తాం?”

సంతకం పెట్టాడు. కానీ అది వేరే కాగితం, చికిత్స వద్దనుకుంటున్నానని ఒప్పుకునేది. వెళ్ళేముందు బొమ్మల కాగితం నాకు ఇస్తారా అని అడిగితే ఆమె ఇచ్చింది. ఆయన దాన్ని నీటుగా నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఇప్పుడు మా పద్ధతి చెప్పాలి. ఆపరేషన్ అయినవాళ్ళకి నెల తిరిగాక ఒకసారి, ఆరు నెలలు నిండాక ఒకసారి, ఆ తర్వాత ఏటా ఫోను వెళ్తుంది. ఎలా ఉన్నారు, మందులు వేసుకుంటున్నారా, ఊపిరి ఎలా ఆడుతోంది. అదంతా ఫైల్లో ఎక్కుతుంది. వద్దన్నవాళ్ళ ఫైలు మాత్రం ఆ సాయంత్రమే నా దగ్గరికి దిగుతుంది. ‘చికిత్స నిరాకరించారు’ అని ముద్ర కొట్టి, తాడు కట్టి, వెనక గోడకున్న ర్యాకులో పెట్టేస్తాను. వాళ్ళు మన రోగులు కారు. అందుకని వాళ్ళకి ఏమైందో ఎవరూ అడగరు. ఇరవై ఏళ్ళుగా నేను అదే చేశాను. నిమ్మకు నీరెత్తినట్టు చేశాను. డ్రైవరు ఫైలు కూడా అలాగే కట్టాను.

నాలుగు నెలల తర్వాత ఆయన భార్య ఒక్కతే నా గది మెట్లు దిగి వచ్చింది. భర్తకి ఉన్న జబ్బేమిటో రాసిచ్చే సర్టిఫికెట్ డిపో ఆఫీసువాళ్ళు అడిగారట. ‘ఉన్న’ జబ్బు కాదు, ‘ఉండిన’ జబ్బు. ఆమె ముందే అలా సరిదిద్ది చెప్పింది, నేను తప్పు మాట్లాడే అవసరం లేకుండా.

“పొద్దున్నే స్నానానికి నీళ్ళు పట్టుకుంటున్నారు. బకెట్ నిండి పొర్లిపోతున్న చప్పుడు. ఎంతకీ కుళాయి కట్టరేంటని విసుక్కుంటూ వెళ్ళాను. పక్కనే పడి ఉన్నారు. విసుక్కుంటూ వెళ్ళానండీ.”

కుర్చీ వేశాను. కూర్చోలేదు.

“ఆ బొమ్మల కాగితం బీరువా తలుపుకి అంటించుకున్నారు. ఎవరొచ్చినా చూపించేవారు. ఈ ఏడుగురిలో నేను లేను, తప్పించుకున్నాను అని. నాకొకటి చెప్పండి. ఆపరేషన్ వద్దని వెళ్ళిపోయినవాళ్ళు వందమందిలో ఎంతమంది పోతారు?”

“తెలీదమ్మా.”

“రికార్డులన్నీ మీ దగ్గరే ఉంటాయంటారు కదా.”

వెనక గోడ ర్యాకు ఆమెకి కనపడకుండా నేనెందుకు పక్కకి జరిగానో నాకే తెలియదు. సర్టిఫికెట్ మీద ఇద్దరు అధికార్ల సంతకాలు కావాలి, పై నెల రమ్మని చెప్పి పంపేశాను. అది అబద్ధమేం కాదు. కానీ ఆమె వెళ్ళిపోతుంటే నాకు హాయిగా అనిపించింది. ఆ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పైకెళ్ళి బొమ్మలక్కకి చెప్పాను. చెప్పకుండా ఉంటే బాగుండేదేమో గానీ, దాచుకునే శక్తి నాకు లేదు. ఆమె సొరుగు లాగి బొమ్మల కాగితాల కట్ట తీసి ముందు పెట్టుకుంది. చాలాసేపు పై కాగితం వైపే చూసింది.

“ఒక్క పక్కే చూపించాను బాబాయ్” అంది చివరికి. “ఆపరేషన్ చేయించుకుంటే పోయేవాళ్ళు కాగితం మీద మనుషులు. చేయించుకోకపోతే పోయేవాళ్ళు నా నోట్లో ఒక మాట. ‘ఇంకా ఎక్కువ ప్రమాదం’. మనుషులు ఏడుగురు ఎదురుగా నిలబడి ఉంటే ఆ మాట ఎవరికి చెవికెక్కుతుంది?”

“నువ్వు అబద్ధం చెప్పలేదు కదమ్మా.”

“చెప్పలేదు. పాత గుండ్రం బొమ్మ చూపించి ఉంటే ఆయన ఆ ముక్కని పట్టించుకునేవాడు కాదు. సంతకం పెట్టేవాడు. ఆ ఏడుగురిలో ఒకడయ్యేవాడేమో, కాకపోయేవాడేమో. బొమ్మ ఎంత బాగా గీశానంటే ఆయన నిజంగా చూశాడు. సగమే చూశాడు.”

అప్పుడు ఏడ్చింది. పన్నెండేళ్ళలో ఆ గదిలో ఆమె ఏడవడం అదే మొదలు. ఎదుటివాళ్ళ కోసం పెట్టిన డబ్బాలోంచి కాగితం తీసుకోవడానికి కూడా మొహమాటపడింది.

మర్నాడు మధ్యాహ్నం భోజనం వేళకి కిందికి దిగి, వెనక గోడ ర్యాకు ముందు నిలబడింది. ఇద్దరం కలిసి తాళ్ళు విప్పాం. ఇదే జబ్బుతో ఆపరేషన్ వద్దని వెళ్ళినవాళ్ళలో రెండేళ్ళు నిండిన ఫైళ్ళు యాభై ఎనిమిది దొరికాయి. రోజూ భోజనం గంటలో ఫోన్లు చేశాం. ఆమె సగం, నేను సగం. నా తల ప్రాణం తోకకొచ్చింది. నేను జీవితంలో కాగితాలతో మాట్లాడినవాడిని, మనుషులతో కాదు. ‘ఆసుపత్రి నుంచి మాట్లాడుతున్నాం, ఎలా ఉన్నారో కనుక్కుందామని’ అనగానే అవతల ఒక నిశ్శబ్దం ఉంటుంది. రెండు మూడు రోజుల్లోనే ఆ నిశ్శబ్దం పొడవుని బట్టి జవాబు ముందే తెలిసిపోవడం మొదలైంది. ఒకావిడ, “మూడేళ్ళ తర్వాత గుర్తొచ్చామా?” అంది. ఒక కూతురు ఫోను పెట్టేసి, పది నిమిషాల తర్వాత తనే చేసి, నాన్నగారు పోయిన తేదీ నెమ్మదిగా, నేను రాసుకునేలా చెప్పింది. ఒకాయన స్వయంగా ఎత్తి బాగానే ఉన్నానని గట్టిగా నవ్వితే, మేమిద్దరం ఆ పూటంతా దాని గురించే మాట్లాడుకున్నాం.

ఎనిమిదిమంది జాడ దొరకలేదు. తక్కిన యాభైమందిలో ఇరవై నలుగురు రెండేళ్ళలోపే పోయారు. వందకి నలభై ఎనిమిది.

ఆపరేషన్ వాళ్ళ లెక్క కూడా మళ్ళీ తీయమంది. మొదటి కాగితంలో ఉన్నది ఒక్క నెల లెక్క. ఒక పక్క నెల, ఇంకో పక్క రెండేళ్ళు పెడితే అది ఇంకో మోసం అవుతుంది అంది. ఇంకా పాత ఫైళ్ళు కూడా కలిపితే, ఆపరేషన్ జరిగి రెండేళ్ళు దాటినవాళ్ళవి నూటయాభై ఫైళ్ళు తేలాయి. వాళ్ళలో రెండేళ్ళలోపు పోయినవాళ్ళు, మొదటి నెలలోనే పోయినవాళ్ళతో కలిపి, పద్దెనిమిదిమంది. వందకి పన్నెండు.

పెద్ద డాక్టరు ఆ కాగితం రెండుసార్లు చదివాడు. ఆయన్ని నేను ఎప్పుడూ కోపిష్టిగానే చూశాను. ఆ రోజు అలసిపోయిన మనిషిలా ఉన్నాడు. “ఒక మాట కింద రాయండి” అన్నాడు. “వద్దన్నవాళ్ళలో వయసు మీరినవాళ్ళూ, ముందే నీరసించినవాళ్ళూ కాస్త ఎక్కువ ఉంటారు. తేడా అంతా ఆపరేషన్ వల్లే అని చెప్పకూడదు. కానీ బయట పెద్ద పెద్ద ఆసుపత్రుల లెక్కలు కూడా ఇంచుమించు ఇలాగే ఉన్నాయి. వదిలేస్తే రెండేళ్ళలో దాదాపు సగం.” తర్వాత ఇంకా చిన్న గొంతుతో, “ఇది నాకు తెలుసమ్మా. ప్రతిరోజూ నోటితో చెప్తూనే ఉన్నాను” అన్నాడు.

కొత్త కాగితం తయారైంది. అడ్డంగా రెండు చతురస్రాలు. ఎడమవైపు చేయించుకున్న వందమంది, కుడివైపు చేయించుకోని వందమంది. బొమ్మల సైజు ఒకటే, గడువు ఒకటే, రెండేళ్ళు. రెండింట్లోనూ నల్లవాళ్ళు కింది వరుస నుంచే మొదలు. ఎడమవైపు ఒక వరుసా ఇంకో ఇద్దరూ. కుడివైపు నలుపు నాలుగు వరుసలు నిండి అయిదో వరుసలోకి ఎక్కింది. పెద్ద డాక్టరు చెప్పిన మాటా, జాడ తెలియని ఎనిమిదిమంది సంగతీ కింద రాసింది. లిఫ్టు ఆయనకి చూపిస్తే లెక్కపెట్టనేలేదు. కుడిపక్క చూసి, “అమ్మో” అని కాగితం తిరిగి ఇచ్చేశాడు.

డ్రైవరు భార్య చెప్పిన రోజుకే వచ్చింది. సర్టిఫికెట్ సిద్ధంగా ఉంది. కబురు పంపితే బొమ్మలక్క నడుం పట్టుకుని మెట్లు దిగి వచ్చింది, చేతిలో కొత్త కాగితంతో. వద్దమ్మా అని నేను సైగ చేశాను. వినలేదు.

“మీరు అడిగిన లెక్క దొరికింది వదినా. ఆ రోజే ఇది నా దగ్గర ఉండాల్సింది. లేకపోవడం నా తప్పు.”

ఆవిడ కాగితం తీసుకుని నా బల్ల మీద పెట్టుకుంది. భర్తలాగే చూపుడువేలుతో కుడివైపు కింది వరుస నుంచి మొదలుపెట్టింది. పెదవులు కదులుతున్నాయి. ఇరవై దాటింది, ముప్పై దాటింది. మేమిద్దరం నిలబడి ఉన్నాం. ఆ లెక్క పూర్తయ్యేదాకా నిలబడడం కంటే తిట్టించుకోవడమే తేలిక. నలభై ఎనిమిది దగ్గర వేలు ఆగింది.

“ఈయన ఇందులో ఉన్నారా?”

“లేరు. ఇది అంతకుముందు వచ్చినవాళ్ళ లెక్క.”

“ఇది చూస్తే ఆయన ఒప్పుకునేవారు. బండి ఎంత నిండిందో చూసే కళ్ళు కావు ఆయనవి. ఎంతమంది క్షేమంగా దిగుతారో చూసే కళ్ళు.” కాగితం మీంచి తలెత్తలేదు. “వీళ్ళ సంగతి మీకెలా తెలిసింది?”

“ఫోన్లు చేశాం” అంది బొమ్మలక్క. “ఒక్కొక్కరి ఇంటికీ.”

“అందరికీనా?”

“దొరికిన అందరికీ.”

ఆవిడ కాగితాన్ని నెమ్మదిగా మా వైపు తిప్పి పెట్టింది.

“ఆయన బతికుండగా ఒక్క ఫోను చేయలేకపోయారా?” అంది. “సంతకం పెట్టి వచ్చాక మొదటి నెలంతా ఆయనకి మనసు మనసులో లేదు. పైకి ధైర్యంగా ఉండేవారు. ఆసుపత్రివాళ్ళు మళ్ళీ అడుగుతారులే, ఒకసారి వద్దంటే ఊరుకుంటారా, అప్పుడు చూద్దాం అన్నారు నాతో. స్నానానికి వెళ్తూ కూడా ఫోను నా చేతికిచ్చి వెళ్ళేవారు.”

నేను మా పద్ధతి ఏమిటో చెప్పబోయాను. బొమ్మలక్క చెయ్యి చాపింది గానీ, ఆవిడ అప్పటికే సర్టిఫికెట్ తీసుకుని, నా రిజిస్టరులో ముట్టినట్టు సంతకం పెట్టి, చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని మెట్లెక్కుతోంది.